తాజా అనే ఒక్క మాట

మా ఇంట్లో ఖర్జూరాలు లెక్కపెట్టి తింటాం. మనిషికి రెండు, చిన్నవైతే మూడు. కిస్మిస్ అయితే రెండు చెంచాలు, అంతకు మించితే నా కళ్ళు ఎర్రబడతాయి. పిల్లలు నన్ను పిసినారి అంటారు. ‘అమ్మ చనిపోయేటప్పుడు కూడా కిస్మిస్ లెక్కపెట్టుకుంటూ పోతుంది’ అని నా ముఖం మీదే నవ్వుతారు. నవ్వనీ. ఈ లెక్క నాకు పుస్తకం నేర్పలేదని, సిద్దిపేట బజారులో పళ్ళెం తక్కెడ ముందు కూర్చున్న ఒక పెద్దాయన నేర్పాడని, అందుకు ఆయన తన కాలి వేళ్ళు రెండు పోగొట్టుకున్నాడని వాళ్ళకు ఎప్పుడూ చెప్పలేదు. చెప్పాలంటే నా సంగతి కూడా చెప్పాలి కదా.

ఎనభైల చివర్లో హైదరాబాదులో హోం సైన్సు చదివి మా ఊరికి తిరిగొచ్చాను. ఆ చదువుకు సిద్దిపేటలో ఏ ఉద్యోగమూ లేదు. షుగరు రోగులు ఎక్కువవుతున్నారని ఒక డాక్టరుగారు తన ప్రైవేటు దవాఖాన వరండాలో నాకొక బల్ల, కుర్చీ వేయించారు. సాయంత్రం నాలుగు నుంచి ఆరు దాకా కూర్చుని, ఆయన చూసి పంపిన వాళ్ళకు ఏం తినాలో, ఎంత తినాలో చీటీ ఇవ్వడం నా పని. మా అవ్వకు ఇది పెద్ద నవ్వులాట అయింది. “తిండి తినుడు నేర్పెతందుకు పట్నంల చదివిందట నా బిడ్డ. మేమిన్నేండ్లు ముక్కుతోని తిన్నమా?” అని వాకిట్లో కనబడ్డవాళ్ళందరికీ చెప్పేది. నాకు రోషం వచ్చేది. రోషం నాకు పుట్టుకతోనే ఎక్కువ.

చీటీ నేనే తయారు చేశాను. కాలేజీ పుస్తకంలోని ఇంగ్లీషు పట్టికను తెలుగులోకి తెచ్చి, స్టెన్సిల్ మీద రాసి, సైక్లోస్టైల్ తీయించాను. అందులో ఒక గడిలో ‘తాజా పండ్లు – రోజుకు వంద గ్రాములు’ అని ఉండాలి. గడి చిన్నది, నా అక్షరాలు పెద్దవి. ‘తాజా’ అనే మాట తీసేస్తే సరిగ్గా పట్టింది. పండు అంటే చెట్టు మీద నుంచి వచ్చిన పండే కదా, ఎండిన పండును ఎవరు పండంటారు అనుకున్నాను. కింద మాత్రం జాగ్రత్తగా ‘మామిడి, అరటి, సీతాఫలం, సపోటా వద్దు’ అని రాశాను. రెండు వందల కాగితాలు తీయించి, బల్ల మీద దొంతి పెట్టుకుని, కలెక్టరులాగా కూర్చున్నాను.

చాచా నా దగ్గరికి వచ్చింది డిసెంబరులో. అందరూ ఆయనను చాచా అనేవాళ్ళు కాబట్టి నేనూ అదే అన్నాను. బజారులో ఆయనకు ఎండు పండ్ల దుకాణం. గోనెసంచుల్లో ఖర్జూరాలు, డబ్బాల్లో కిస్మిస్, గోడకు మేకులు కొట్టి వేలాడదీసిన అంజీరు దండలు. తక్కెడ పళ్ళేలను రోజూ చింతపండుతో తోమేవాడని, తూకంలో గింజ ఎక్కువ పోదు, గింజ తక్కువ రాదని ఊరంతా చెప్పుకునేవారు. చేర్యాల నుంచి పెళ్ళి సామానుకు వచ్చేవాళ్ళు కూడా ఆయన దగ్గరే కొనేవాళ్ళు.

ఆయనకు ఎడమ కాలి బొటనవేలికి చెప్పు కరిచి పుండు పడింది. నెల దాటినా మానలేదు. పక్క వేలికి కూడా నలుపు పాకుతోంది. డాక్టరుగారు నన్ను లోపలికి పిలిచి, ఆయన ముందే చెప్పారు. “ఆరు వారాలు చూస్త. మందులు నేనిస్త, తిండి ఈ అమ్మాయి చెప్తది. షుగరు దిగితే పుండు మానుతది, వేళ్ళు దక్కుతయి. దిగకపోతే హైదరాబాదుకు పంపాలె, అక్కడ తీసేస్తరు.”

చాచా నా బల్ల ముందు కూర్చుని చీటీని రెండు చేతులతో తీసుకున్నాడు. తెలుగు కూడబలుక్కుని చదివేవాడు. “రొట్టెలు మూడు. అన్నం ఒక కప్పు. పండ్లు వంద గ్రాములు.” అక్కడ ఆగి ముఖం విప్పారి నవ్వాడు. “పండ్లు తినొచ్చా బేటీ? నేను అన్నీ బందు అనుకున్న.”

“తినొచ్చు చాచా. కానీ వంద గ్రాములే. దాటొద్దు” అన్నాను.

“తూకం సంగతి నాకు చెప్తున్నవా?” అని నవ్వుకుంటూ లేచాడు. నేనూ నవ్వాను. ఏ పండ్లు తింటారు అని ఒక్క ప్రశ్న అడగాలని అప్పుడు నాకు తోచలేదు. వరండాలో ఇంకా అయిదుగురు ఎదురుచూస్తున్నారు మరి.

ఆ రోజుల్లో ఇంట్లో రక్తం చూసుకునే యంత్రాలు మా ఊళ్ళో ఎవరి దగ్గరా లేవు. గాజుగొట్టంలో నీలం మందు పోసి, ఎనిమిది చుక్కల మూత్రం వేసి, మరగబెట్టి రంగు చూసేవాళ్ళం. నీలంగానే ఉంటే చక్కెర లేనట్టు. ఆకుపచ్చ అయితే కొంచెం. పసుపు, నారింజ దాటి ఇటుక రంగుకు వచ్చిందంటే నిండా ఉన్నట్టు. చాచా ప్రతి సోమవారం వచ్చేవాడు. మొదటి వారం ఇటుక రంగు. రెండో వారం ఇటుక రంగు. మూడో వారం కాస్త నారింజకు తిరిగినట్టు అనిపించింది గానీ, అది నా ఆశ కావచ్చు.

నాలుగో సోమవారం గొట్టంలో ఎర్రమట్టి కలిపినట్టే వచ్చింది. డాక్టరుగారు విసుక్కున్నారు. “ఏం తింటుండో అడుగు. ఎక్కడో దొంగతనం నడుస్తుంది” అన్నారు. ఆ మాట నాకు చాలు. అప్పటికే నా చీటీ పని చేయడం లేదని లోలోపల కుతకుతమంటున్నాను. గొట్టం చేత్తో పట్టుకుని వరండాలోకి వచ్చాను. బెంచీ మీద ఏడెనిమిది మంది ఉన్నారు.

“చాచా, దాచుకొని ఏం తింటున్నరు? మిఠాయా, చాయిల చక్కెరా?”

ఆయన తెల్లబోయాడు. “ఏం తింట లేను బేటీ. మీ చీటీ ఎట్లుంటే అట్ల. చాయి సుత చక్కెర లేకుండనే. తూకం ఏసి తింటున్న, ఒక్క గ్రాము ఎక్కువ లేదు.”

“మీరు అబద్ధం చెప్తరు గాని, ఈ గొట్టం చెప్పది” అన్నాను, అందరికీ కనబడేలా దాన్ని ఎత్తి పట్టుకుని.

బెంచీ మీద ఎవరో కిసుక్కున నవ్వారు. చాచా ముఖం కిందికి దించుకున్నాడు. తన దుకాణంలో ముప్పై ఏళ్ళుగా ఎవరూ తూకం మీద మాట అనని మనిషి. ఆయనను నలుగురిలో అబద్ధాలకోరును చేశాను. సిగ్గులేకుండా చెబుతున్నాను, ఆ మాట అన్నందుకు నాకు రెండు రోజులు గర్వంగా ఉండింది. ఇంటికి వెళ్ళి అవ్వకు కూడా చెప్పాను. ఆమె మాత్రం నవ్వలేదు. “పెద్ద మనిషిని గట్లంటరా?” అంది.

ఆ తర్వాత చాచా తన నిజాయితీ నిరూపించుకోవడానికి రొట్టెలు మూడు నుంచి రెండు చేశాడట. అన్నం మానేశాడట. పండ్లు మాత్రం వదల్లేదు, అవి చీటీలో ఉన్నాయి కనుక. చీటీలో రాసింది ఆయనకు మందుతో సమానం. ఆకలికి తట్టుకోలేనప్పుడు ఆ వంద గ్రాములే దిక్కు. మనిషి చిక్కిపోయాడు. గొట్టం మాత్రం ఎర్రగానే ఉంది. ఆరు వారాలు అయిపోయాయి. జనవరి చివర ఆయన కొడుకులు హైదరాబాదు బస్సెక్కించి తీసుకుపోయారు. పెద్ద దవాఖానలో బొటనవేలు, పక్కవేలు తీసేశారు.

ఆ వార్త వచ్చిన రోజు డాక్టరుగారు “మనం చేయాల్సింది చేసినం” అన్నారు. నేనూ తలూపాను. తిననని చెప్పి తిన్నవాళ్ళ గతి ఇంతే అని మనసులో అనుకున్నాను కూడా.

ఏప్రిల్‌లో, ఎండలు ముదిరిన ఒక సాయంత్రం, చాచా కర్ర పట్టుకుని వరండా మెట్లెక్కాడు. కాలికి గుడ్డ చుట్టుకుని, ముందు తెగిన చెప్పు వేసుకున్నాడు. నేను లేచి కుర్చీ ఇచ్చాను. చంకలోని సంచీలో నుంచి రెండు కాగితం పొట్లాలు తీసి నా బల్ల మీద పెట్టాడు. ఒకటి పెద్దది, ఒకటి చిన్నది.

“బేటీ, కాలు బాగాలేక దుకాణంల ఊకె కూసుంటున్న. కూసుంటే ఒక్కటే ఆలోచన. నేను తప్పు తిన్లేదు. మరి ఎట్లయింది అని.” పెద్ద పొట్లం విప్పాడు. లోపల పచ్చని ద్రాక్ష, గింజలేని రకం. “ద్రాక్ష సీజను గదా. కిలో తూకం ఏసి చాటల ఆరబోసిన. ఇవి అసొంటియే, చూపెట్టెతందుకు వంద గ్రాములు తెచ్చిన. రోజు పొద్దుగాల తూకం ఏసుడే నా పని. రోజుకింత తగ్గుకుంట వచ్చింది. ఇరవై రోజులకు పావుకిలోకు జెర తక్కువకొచ్చి ఆగింది. ఇగ తగ్గలె.”

“అవును చాచా, నీళ్ళు పోతయి” అన్నాను. నాకింకా ఏమీ తట్టలేదు.

“గదే. పోయింది నీళ్ళు. తీపి యాడికి పోయింది? యాడికి పోలె. కిలోల ఉన్న తీపంత గా పావుకిలోల కూసున్నది.” చిన్న పొట్లం విప్పాడు. కిస్మిస్. “గా వంద గ్రాముల ద్రాక్షను లెక్కపెట్టిన, నలభై పండ్లు లేచినయి. ఇవి సుత నలభై. తూకం ఇరవై నాలుగు గ్రాములు. మీ చీటీల పండ్లు వంద గ్రాములు అని ఉన్నది గదా? నేను పండ్లు అంటే మా పండ్లు అనుకున్న. ఖర్జూర పండు, అంజీర్ పండు, కిస్మిస్. మామిడి, అరటి వద్దన్నరు, ఇవి వద్దనలె. రోజు వంద గ్రాములు. అంటె నాలుగు వందల గ్రాముల ద్రాక్ష తిన్నట్టు గాదా బేటీ?”

ఆయన ఇంకా చెబుతూనే ఉన్నాడు, కోపంతో కాదు, కొత్త సంగతి కనుక్కున్న విద్యార్థిలాగా. నేను మాత్రం తలలో పట్టిక తిరగేస్తున్నాను. వంద గ్రాముల జామపండులో డెబ్బై కేలరీలు కూడా ఉండవు, నూటికి ఎనభై వంతులు నీళ్ళే. వంద గ్రాముల ఖర్జూరంలో రెండు వందల ఎనభై. కిస్మిస్‌లో ఇంకా కాస్త ఎక్కువ. ఎండు అంజీరులో రెండు వందల యాభై. ఆయన ఒంట్లోకి రోజూ మూడు పుల్కాల పైచిలుకు బలం అదనంగా పంపించాను, అదీ ఎక్కువ భాగం చక్కెర రూపంలో, నా చేతిరాతతో. ఇవన్నీ నేను పరీక్షలో రాసి మార్కులు తెచ్చుకున్న లెక్కలే. చదివినదంతా గంగలో కలిపి, ఒక గడి పట్టలేదని ఒక మాట తీసేశాను.

“ఇంగొకటి బేటీ,” అన్నాడు చాచా గొంతు తగ్గించి. “మేం రంజాన్ల రోజా ఇప్పేటప్పుడు ఖర్జూరం లెక్కపెట్టే తింటం. ఒకటి, లేకపోతే మూడు. మా అబ్బాజాన్ గట్లనే నేర్పిండు. నా బతుకంత ఖర్జూరాన్ని లెక్కపెట్టే తిన్న. మీ చీటీ వచ్చినంకనే తక్కెట్ల ఏసిన. ఎండిన పండుకు లెక్కనే మంచిది, తూకం వద్దు. నలభై ద్రాక్షలు ఎండినా నలభయ్యే ఉంటయి గదా? గందుకే చీటీల రాయిండ్రి. తాజా పండ్లు అని. తాజా అని ఒక్క మాట. మల్లొకలకు గిట్ల గావద్దు.”

తాజా. సరిగ్గా నేను కోసేసిన మాటే. నేను చెప్పకుండానే ఆయన నోట్లో నుంచి వచ్చింది.

అప్పుడే డాక్టరుగారు బయటికి వచ్చారు. మా మాటలు కిటికీలో నుంచి విన్నట్టున్నారు. పొట్లాల వంక చూసి, నా వంక చూసి అడిగారు. “ఎండు పండ్లు తినొద్దని చెప్పలేదా నువ్వు?”

బెంచీ మీద జనం ఉన్నారు. బహుశా ఆ రోజు గొట్టం చూసి నవ్వినవాళ్ళు కూడా. లేదు సార్, తప్పు నాది, అనడానికి ఎంతసేపు పడుతుంది? నాలుగు మాటలు. నేను ఇలా అన్నాను: “చెప్పిన సార్. చీటీల జాగ లేక రాయలేదు గాని, నోటితోని చెప్పిన.”

చాచా తలెత్తి నన్ను చూశాడు. ఆ చూపులో కోపం ఉంటే నేను ఈపాటికి మరిచిపోయి ఉండేదాన్ని. కొత్తగా పనిలో చేరిన ఆడపిల్ల బిత్తరపోయిందని కనిపెట్టిన తండ్రి చూపు అది. ఆయన కిస్మిస్ పొట్లాన్ని నెమ్మదిగా మడిచి, దారం చుట్టి, నా వైపు జరిపాడు.

“చెప్పే ఉంటది సాబ్” అన్నాడు డాక్టరుగారితో. “ముసలోన్ని గదా, యాదికి లేదు.”

పదేళ్ళ కిందట ఎవరికి ఎంత తూచాడో చెప్పగలిగే మనిషి. డాక్టరుగారు “వినాలె చాచా, చెప్పింది చెవిన పెట్టాలె” అని మళ్ళీ నాలుగు మాటలు చీవాట్లు వేశారు. చాచా “జీ, జీ” అంటూ లేచి, కర్ర పట్టుకుని మెట్లు దిగిపోయాడు. రెండో మెట్టు దగ్గర తూలి, గోడ పట్టుకున్నాడు. నేను కుర్చీలో నుంచి కదల్లేదు.

ఆయన షుగరు పాతది. నేను ఒక మాట రాసి ఉంటే వేళ్ళు కచ్చితంగా దక్కేవని ఏ డాక్టరూ చెప్పడు. ఈ సమాధానం నేను చాలాసార్లు చెప్పుకున్నాను. కానీ ఆ ఆరు వారాలు ఆయన చేతిలో ఉన్న ఒకే ఒక అవకాశం. దాన్ని ఆయన గ్రాము తేడా రాకుండా వాడుకున్నాడు. నేను చెడగొట్టాను. కాస్త మోసం చేసే మనిషై ఉంటే బాగుండేది. చీటీని ఖాతరు చేయకుండా పిడికెడు తిని ఊరుకునేవాడు.

మర్నాడే కొత్త స్టెన్సిల్ కోశాను. గడి పెద్దది చేశాను. ‘తాజా పండ్లు – రోజుకు వంద గ్రాములు. దానికి బదులు ఎండు పండ్లు అయితే: ఖర్జూరాలు రెండు లేక మూడు, లేదా ఎండు అంజీరు ఒకటిన్నర, లేదా కిస్మిస్ రెండు చెంచాలు. ఏదో ఒకటి మాత్రమే. తూకం వేయవద్దు, లెక్కపెట్టండి.’ ఆ చివరి మాట నాది కాదు. పాత కాగితాలు నూట ముప్పై మిగిలితే మా ఇంటి పొయ్యిలో వేశాను. అవ్వ చూసి, “గంత మంచి కాయితాలు కాలవెడుతున్నవేందే?” అంది. తప్పు రాశానని చెప్పాను. ఆ తప్పును ఒప్పుకున్నది అవ్వ ఒక్కతె దగ్గరే, అదీ సగం.

ఆ తర్వాత మూడేళ్ళు ఆ బజారులోకి వెళ్ళలేదు. ఏదైనా కావాలంటే చుట్టు తిరిగి పోయేదాన్ని. పెళ్ళయింది, దవాఖాన పని మానేశాను. ఊరు విడిచి వెళ్ళే ముందు, ఎలాగైనా ఒక్కసారి వెళ్ళి చెప్పేయాలని నిశ్చయించుకున్నాను. చెప్పవలసిన మాటలు దారి పొడవునా వల్లె వేసుకున్నాను. చాచా, ఆ రోజు నేను అబద్ధం ఆడిన. మీకు నేనేం చెప్పలే. మాఫ్ చేయండి.

దుకాణం అలాగే ఉంది. చాచా తక్కెడ వెనక కూర్చుని ఉన్నాడు, బాగా ముసలివాడయ్యాడు. నన్ను చూడగానే గుర్తుపట్టి, “ఆవో బేటీ” అని స్టూలు చూపించాడు. అంతకు ముందే ఎవరో ఖర్జూరాలు కొంటున్నారు. చాచా పొట్లం కడుతూ, “షుగరున్నదా మీకు? ఉంటే దినాం రెండు, చిన్నయైతే మూడు. తూకం ఎయ్యకుండ్రి, లెక్కపెట్టుండ్రి” అని చెబుతున్నాడు. ఆ మనిషి వెళ్ళిపోయాక నేను నోరు తెరవబోయి, గోడ వైపు చూశాను.

అంజీరు దండల పక్కన, అద్దం బిగించిన చట్రంలో నా పాత చీటీ ఉంది. మిగిలినవన్నీ నేను కాల్చేసినా, ఆయన దగ్గర ఉండిపోయిన చీటీ. నా పెద్ద పెద్ద అక్షరాలు పసుపు రంగుకు తిరిగాయి. ‘పండ్లు’ అనే మాటకు ముందు, గడి గీత మీదుగా, నల్ల సిరాతో ఉర్దూలో చిన్న మాట ఒకటి రాసి ఉంది.

“అదేంది చాచా?” అన్నాను, ఏమై ఉంటుందో తెలిసే.

“తాజా” అన్నాడు ఆయన. “మీరు నోటితోని చెప్పిన్రు గదా బేటీ. మల్ల మరువొద్దని రాసి పెట్టుకున్న.”

ఆయన ముఖంలో వెటకారం కోసం వెతికాను. దొరికితే ఎంత తేలికయ్యేది! లేదు. ఆయన పళ్ళెం తుడిచి, ఎంత కావాలని అడిగాడు.

“పావుకిలో” అన్నాను.